వాలు తెలియని చోట కనిష్ఠం కోసం వెతుకులాట: గోల్డెన్ సెక్షన్ సెర్చ్ (ప్రసంగ పాఠం)

మిత్రులారా, ఈరోజు మన ముందున్న ప్రశ్న చెప్పుకోవడానికి చాలా చిన్నది. ఒకే చలరాశి ఉన్న ప్రమేయం ఒకటి ఉంది. a నుంచి b వరకు ఉన్న అంతరంలో అది ముందు తగ్గుతూ వస్తుంది, ఎక్కడో ఒకచోట అడుగుకు చేరుతుంది, అక్కడి నుంచి పెరుగుతూ పోతుంది. అంటే దానికి ఒకే ఒక్క పల్లం ఉంది. ఆ పల్లం అడుగు ఎక్కడుందో కనుక్కోవాలి. కనుక్కోవాలి, సరే; కానీ అవకలనం చేయడానికి వీల్లేదు. మనం చేయగలిగిందల్లా ఒక x విలువ ఇచ్చి, ఆ చోట ప్రమేయం విలువ ఎంతో అడగడం మాత్రమే.

అవకలనం చేసి సున్నాకు సమానం చేస్తే సరిపోయేదానికి ఇంత శ్రమ ఎందుకని మీరు అడగవచ్చు. సూత్రం చేతిలో ఉన్నప్పుడు అలాగే చేయాలి, అందులో వాదన లేదు. కానీ ప్రమేయం విలువ ఒక కంప్యూటర్ అనుకరణ నుంచి గంటసేపు నడిచాక వచ్చేదైతే, లేక ప్రయోగశాలలో ఒక కొలతగా వచ్చేదైతే, అవకలనం చేయడానికి అక్కడ సూత్రమే ఉండదు. మూలలు తిరిగిన ప్రమేయాలకు ఆ మూల దగ్గర అవకలజమే ఉండదు. అటువంటి చోట్ల ఒక్కొక్క విలువ అడగడమూ ఖర్చుతో కూడిన పనే కాబట్టి, తక్కువ ప్రశ్నలతో పల్లాన్ని ఎలా చుట్టుముట్టాలన్నదే అసలు విషయం.

ముందుగా ఒక ప్రశ్న వేసుకుందాం. a, b ల మధ్య ఒకే ఒక్క బిందువు దగ్గర విలువ అడిగితే ఏమైనా తెలుస్తుందా? సమీకరణ మూలాన్ని వెతికేటప్పుడు తెలుస్తుంది. అక్కడ మధ్య బిందువు దగ్గర గుర్తు ధనాత్మకమా, రుణాత్మకమా అని చూసి సగం అంతరాన్ని వదిలేస్తాం. ఇక్కడ మాత్రం తెలియదు. మధ్యలో విలువ 10 అని వచ్చిందనుకోండి, చివర్లలో 15, 20 ఉన్నాయనుకోండి. పల్లం ఆ మధ్య బిందువుకు ఎడమవైపున ఉండవచ్చు, కుడివైపున ఉండవచ్చు. ఒక్క ఎత్తు తెలిస్తే వాలు ఏ వైపుకుందో తెలియదు కదా! వాలు తెలియాలంటే పోలిక కావాలి, పోలికకు లోపల రెండు బిందువులు కావాలి.

రెండు బిందువులు తీసుకుందాం. ఎడమదాన్ని c అని, కుడిదాన్ని d అని పిలుద్దాం. f(c) విలువ f(d) కన్నా తక్కువగా వచ్చిందనుకోండి. అప్పుడు పల్లం అడుగు d కి కుడివైపున ఉండే అవకాశం ఉందా? ఉంటే, ప్రమేయం a నుంచి d వరకు తగ్గుతూనే వచ్చి ఉండాలి. తగ్గుతూ వచ్చి ఉంటే c దగ్గర విలువ d దగ్గరి విలువ కన్నా ఎక్కువగా ఉండాలి. మనకు తక్కువగా వచ్చింది. కాబట్టి d కి కుడివైపు భాగాన్ని నిశ్చింతగా వదిలేయవచ్చు. f(d) తక్కువైతే, ఇదే తర్కంతో c కి ఎడమవైపు భాగాన్ని వదిలేస్తాం. గమనించండి, ఈ తర్కం మొత్తం ఒకే పల్లం ఉందన్న మాట మీద నిలబడి ఉంది. ఆ మాట తప్పితే ఏమవుతుందో చివర్లో చూద్దాం.

ఇప్పుడు c, d లను ఎక్కడ పెట్టాలి? చాలామందికి మొదట తోచేది అంతరాన్ని మూడు సమాన భాగాలు చేయడం. ఒక్కో అడుగులో మూడో వంతు పోతుంది, మూడింట రెండు వంతులు మిగులుతుంది. పద్ధతి తప్పు కాదు, కానీ అందులో ఒక దుబారా ఉంది. కుడి మూడో వంతును వదిలేశాక, మిగిలిన అంతరానికి c సరిగ్గా నడిమధ్యలో పడుతుంది. తరువాతి అడుగుకు కావలసినవి మూడో వంతు దగ్గరి బిందువులు. నడిమధ్య బిందువు వాటిలో ఏదీ కాదు. డబ్బు పెట్టి తెలుసుకున్న f(c) విలువను పారేసి, మళ్ళీ రెండు కొత్త విలువలు అడగాల్సి వస్తుంది. ప్రతి అడుగుకూ రెండు ప్రశ్నలు, ప్రతి అడుగులోనూ ఒక పాత సమాధానం చెత్తబుట్టలోకి.

పాత బిందువు పనికొచ్చేలా పెట్టలేమా? పెట్టగలం. ఈ పద్ధతి అంతా ఆ ఒక్క కోరిక నుంచే పుట్టింది. అంతరం పొడవు 1 అనుకోండి. d ని ఎడమ చివర నుంచి r దూరంలో పెడదాం. రెండు వైపులా సమానంగా కోయగలగాలి కాబట్టి c ని కుడి చివర నుంచి r దూరంలో, అంటే ఎడమ చివర నుంచి 1 − r దూరంలో పెడదాం. కుడి ముక్క పోయిందనుకోండి. మిగిలిన అంతరం పొడవు r. అందులో ఇప్పటికే విలువ తెలిసిన బిందువు c, ఎడమ నుంచి 1 − r దూరంలో ఉంది. ఈ c కొత్త అంతరంలో d పాత్ర పోషించాలని మన కోరిక. అంటే అది కొత్త అంతరం పొడవులో r వంతు దగ్గర ఉండాలి; r పొడవులో r వంతు అంటే r². కాబట్టి

r² = 1 − r

అయి తీరాలి. ఈ వర్గ సమీకరణానికి ధన మూలం (√5 − 1)/2, అంటే సుమారు 0.618034. ఇది స్వర్ణ నిష్పత్తి 1.618034 కు విలోమం. పువ్వుల్లో, శిల్పాల్లో ఈ నిష్పత్తి గురించి చెప్పే కథలతో మనకు ఇక్కడ ఏ సంబంధమూ లేదు. పాత బిందువును పారేయకూడదు, నిష్పత్తి ప్రతి అడుగులోనూ మారకూడదు అన్న రెండు షరతులు పెడితే, వేరే సంఖ్య రావడానికి దారి లేదు. అందుకే ఇది వచ్చింది.

దీని ఫలితం ఏమిటి? మొదటి అడుగుకు రెండు విలువలు అడుగుతాం. ఆ తరువాత ప్రతి అడుగుకూ ఒక్కటే కొత్త విలువ, ప్రతిసారీ అంతరం 0.618 వంతుకు తగ్గుతుంది. N విలువలు అడిగితే అంతరం మొదటి పొడవుకు 0.618 ను N − 1 సార్లు గుణించినంత అవుతుంది. అయిదు అడుగులకు సుమారు పదకొండో వంతు మిగులుతుంది, అంటే దాదాపు అయిదు ప్రశ్నలకు ఒక దశాంశ స్థానం చొప్పున మనకు జవాబు తేలుతుంది.

ఒక ఉదాహరణను అంకెలతో సహా చేసి చూద్దాం. 1000 ఘన సెంటీమీటర్లు పట్టే, రెండు వైపులా మూసిన స్థూపాకారపు డబ్బా చేయాలి. రేకు తక్కువ పట్టాలంటే వ్యాసార్ధం ఎంత ఉండాలి? వ్యాసార్ధం r సెంటీమీటర్లయితే సంపూర్ణతల వైశాల్యం

S(r) = 2πr² + 2000/r

చదరపు సెంటీమీటర్లు. ఇందాక నిష్పత్తికి వాడిన r, ఈ వ్యాసార్ధం r ఒకటి కావు. ఈ ఉదాహరణలో నిష్పత్తిని 0.618 అనే పిలుస్తాను. దీనికి అవకలనం సులభమే కదా అని మీరు అంటారు. నిజమే, కావాలనే అటువంటిది తీసుకున్నాను. జవాబు ముందే తెలిస్తే పద్ధతి ఎంత దగ్గరకు వస్తుందో సరిచూసుకోవచ్చు. అసలు జవాబు 500/π కు ఘనమూలం, సుమారు 5.4193 సెంటీమీటర్లు, అక్కడ వైశాల్యం 553.581. ఇప్పుడు ఈ సంగతి తెలియనట్టే నటిద్దాం.

డబ్బా మరీ సన్నగా ఉన్నా, మరీ వెడల్పుగా ఉన్నా రేకు ఎక్కువ పడుతుందని తెలుసు కాబట్టి 3 నుంచి 8 వరకు అంతరం తీసుకుందాం. పొడవు 5. దానిలో 0.618 వంతు 3.090. కాబట్టి c = 8 − 3.090 = 4.910, d = 3 + 3.090 = 6.090. విలువలు అడిగితే c దగ్గర 558.811, d దగ్గర 561.443 వచ్చాయి. ఎడమది తక్కువ. 6.090 కి కుడివైపున్నదంతా పోయింది.

ఇప్పుడు అంతరం 3 నుంచి 6.090 వరకు. 4.910 ఇప్పుడు కుడి బిందువు అయింది, దాని విలువ మన దగ్గర ఉంది. కొత్త ఎడమ బిందువు 4.180; అక్కడ విలువ 588.230. ఈసారి కుడిది తక్కువ, కాబట్టి 4.180 కి ఎడమవైపు పోయింది. అంతరం 4.180 నుంచి 6.090 వరకు. 4.910 మళ్ళీ పనికొచ్చింది, ఈసారి ఎడమ బిందువుగా! కొత్త కుడి బిందువు 5.361, విలువ 553.646. 4.910 కి ఎడమవైపు పోయింది. మిగిలింది 4.910 నుంచి 6.090. కొత్త బిందువు 5.639, విలువ 554.470. 5.361 దగ్గరిదే తక్కువ, కాబట్టి 5.639 కి కుడివైపు పోయింది. మిగిలింది 4.910 నుంచి 5.639. కొత్త బిందువు 5.188, విలువ 554.615. ఎడమవైపు పోయింది.

ఇక్కడ ఆగి లెక్క చూద్దాం. ఆరు విలువలు అడిగాం. 5 సెంటీమీటర్ల అంతరం 5.188 నుంచి 5.639 వరకు, అంటే 0.451 సెంటీమీటర్లకు వచ్చింది. అసలు జవాబు 5.4193 అందులోనే ఉంది. ఇవే ఆరు ప్రశ్నలు మూడు సమాన భాగాల పద్ధతిలో అడిగి ఉంటే మూడు అడుగులే పడేవి, దాదాపు 1.48 సెంటీమీటర్ల అంతరం మిగిలేది. నడిమధ్యకు ఇటూ అటూ అతి దగ్గరగా రెండు బిందువులు పెట్టి సగం కోసే పద్ధతిలోనైతే 0.625 మిగిలేది. తేడా ఎక్కడి నుంచి వచ్చిందో చూశారు కదా, 4.910 దగ్గర ఒకసారి అడిగిన విలువ మూడు పోలికల్లో పాల్గొంది.

ఇంతకన్నా మెరుగైన పద్ధతి ఉందా? ఉంది. జాక్ కీఫర్ 1953 లో ప్రచురించిన పత్రం ఈ ప్రశ్నకే జవాబు చెప్పింది. ఎన్ని ప్రశ్నలు అడుగుతామో ముందే నిర్ణయించుకుంటే, ఫిబొనాచ్చి సంఖ్యల నిష్పత్తులతో బిందువులను పెట్టడం అన్నిటికన్నా మేలు. ఆరు ప్రశ్నలకు ఆ పద్ధతి అంతరాన్ని 13 వ వంతుకు తెస్తుంది, అంటే మన డబ్బాకు సుమారు 0.385 సెంటీమీటర్లు. మనకు వచ్చిన 0.451 దానికన్నా 17 శాతం ఎక్కువ. ప్రశ్నలు ఎన్ని పెరిగినా ఈ తేడా 17 శాతం దగ్గరే ఉంటుంది తప్ప పెరగదు. దానికి బదులుగా మనకు దొరికేదేమిటంటే, ఎప్పుడు ఆపాలో ముందే చెప్పనక్కరలేదు. ఒక అడుగు ముందు ఆపినా, నాలుగు అడుగులు పొడిగించినా పద్ధతి మారదు. నా ఉద్దేశంలో ఆ 17 శాతం చాలా చవకైన బేరం.

ప్రోగ్రాం రాసేవారి కోసం ఇదే విషయాన్ని పైథాన్‌లో తెర మీద చూపిస్తున్నాను. ఇందులో r అంటే మళ్ళీ మన నిష్పత్తే.

```python
def golden(f, a, b, tol):
    r = (5 ** 0.5 - 1) / 2
    c, d = b - r * (b - a), a + r * (b - a)
    fc, fd = f(c), f(d)
    while b - a > tol:
        if fc < fd:
            b, d, fd = d, c, fc
            c = b - r * (b - a)
            fc = f(c)
        else:
            a, c, fc = c, d, fd
            d = a + r * (b - a)
            fd = f(d)
    return c if fc < fd else d
```

ఇందులో రెండు విషయాలు చూడండి. మొదటిది, ప్రతి మలుపులోనూ f ను పిలిచేది ఒక్కసారే. పాత విలువను fc, fd పేర్లలో దాచుకుని పక్కకు జరుపుతున్నాం. కొందరు రాసే ప్రోగ్రాంలలో ప్రతి మలుపులోనూ c, d రెంటినీ మళ్ళీ లెక్కించి, f ను రెండుసార్లు పిలుస్తారు. జవాబు సరిగ్గానే వస్తుంది, కానీ స్వర్ణ నిష్పత్తి ఎందుకు తెచ్చుకున్నామో ఆ ప్రయోజనం మాత్రం గంగలో కలిసిపోతుంది.

రెండోది ఇంకా సూక్ష్మమైనది. కొత్త బిందువును ప్రతిసారీ r తో గుణించి లెక్కిస్తున్నాం. c, d లు రెండు చివరల నుంచి సమాన దూరంలో ఉంటాయి కాబట్టి, గుణకారం లేకుండా c = a + b − d అని రాస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. కాగితం మీద రెండూ ఒకటే. కంప్యూటర్‌లో మాత్రం ఇది ఒక ఉచ్చు. ఎందుకో చూద్దాం.

మొదటి బిందువును 0.618034 వంతు దగ్గర కాకుండా, కొంచెం తప్పుగా 0.618 వంతు దగ్గర పెట్టామనుకోండి. తేడా లక్షకు మూడున్నర మాత్రమే. ఆ తరువాత అంతా a + b − d సూత్రంతోనే నడిపామనుకోండి. ఒక అంతరంలో దూరపు బిందువు s వంతు దగ్గర ఉంటే, తరువాతి అంతరంలో అది (1 − s)/s వంతు దగ్గర ఉంటుంది. లెక్కించి చూస్తే వరుసగా 0.61812, 0.61780, 0.61864, 0.61644, 0.62222 అని వస్తాయి. ఇక్కడిదాకా పెద్ద ప్రమాదం కనిపించదు. ఆ తరువాత 0.60714, 0.64706, 0.54544, 0.83338. చూశారా? తప్పు ప్రతి అడుగులోనూ సుమారు 2.618 రెట్లు పెరుగుతూ, ఒకసారి ఇటు, ఒకసారి అటు ఊగుతోంది. ఎనిమిదో అడుగులో రెండు బిందువులూ దాదాపు కలిసిపోయాయి. తొమ్మిదో అడుగులో విడిపోయి చివరల వైపు వెళ్ళిపోయాయి. పదో అడుగుకు వచ్చేసరికి s విలువ 0.2 అయి, ఎడమ బిందువు అనుకున్నది కుడివైపున, కుడి బిందువు అనుకున్నది ఎడమవైపున పడతాయి. ఇక పోలిక చేసి కోసే ముక్క తప్పు ముక్క అవుతుంది.

0.618 అని కుదించి రాయకుండా పూర్తి విలువ వాడితే? అప్పుడు కూడా కంప్యూటర్‌లో పదహారో అంకె దగ్గర చిన్న తప్పు ఉంటుంది. ప్రతి అడుగుకూ 2.618 రెట్లు పెరిగితే అదీ ముప్పై అయిదు అడుగుల తరువాత ఇదే స్థితికి వస్తుంది. కొత్త బిందువును ప్రతిసారీ r తో గుణించి పెట్టినప్పుడు ఈ గొలుసు తెగిపోతుంది. పాత బిందువులో ఉన్న తప్పు ఆ బిందువుతోనే ఆగుతుంది, కొత్తదానికి అంటుకోదు. ఒక గుణకారం ఆదా చేయడానికి పోయి ఇంత తెచ్చుకోవడం ఎందుకు?

ఇప్పుడు ఎక్కడ ఆపాలన్న ప్రశ్నకు వద్దాం. ఇందాకటి అంకెలను ఒకసారి గుర్తు తెచ్చుకోండి. 5.361 దగ్గర వైశాల్యం 553.646. అసలు కనిష్ఠం 553.581. వ్యాసార్ధంలో తప్పు ఒక శాతం కన్నా ఎక్కువే ఉంది, కానీ వైశాల్యంలో తేడా పదివేలకు ఒకటికి కాస్త ఎక్కువ, అంతే. పల్లం అడుగు ఎప్పుడూ చదునుగా ఉంటుంది. అడుగు నుంచి δ దూరం జరిగితే విలువ δ కు తగ్గట్టు కాదు, δ వర్గానికి తగ్గట్టు పెరుగుతుంది. మన డబ్బాకు ఆ పెరుగుదల సుమారు 18.85 × δ².

రేకు ఆదా చేయాలనుకునేవారికి ఇది శుభవార్త, వ్యాసార్ధం కొంచెం అటూ ఇటూ అయినా నష్టం లేదు. కానీ కచ్చితమైన వ్యాసార్ధం కావాలనుకునేవారికి ఇదే గోడ. మామూలు డబుల్ ప్రెసిషన్‌లో 553 వంటి సంఖ్యకు, దాని పక్కనున్న సంఖ్యకు మధ్య తేడా సుమారు 10⁻¹³. 18.85 × δ² అంతకన్నా చిన్నదైతే రెండు విలువల్లో ఏది తక్కువో కంప్యూటర్‌కు తెలియదు. లెక్కిస్తే δ సుమారు 7 × 10⁻⁸ దగ్గర ఆగుతుంది. అంటే వ్యాసార్ధంలో ఏడో దశాంశ స్థానం దాటి ఈ పద్ధతి ఏమీ చెప్పలేదు. 5 సెంటీమీటర్ల అంతరం అక్కడికి చేరడానికి 37 అడుగులు చాలు.

మరి అంతరం ఎంత పొడవుకు తగ్గాక ఆపాలో ప్రోగ్రాంకు చెప్పే tol విలువను 10⁻¹² అని ఇస్తే ఏమవుతుంది? ప్రోగ్రాం ఆగదు, ఫిర్యాదు చేయదు. మరో ఇరవై నాలుగు అడుగులు తిరిగి, పన్నెండు దశాంశ స్థానాలతో నిండుగా కనిపించే సంఖ్యను ఇస్తుంది. అందులో ఏడో ఎనిమిదో స్థానం తరువాతవి రౌండింగ్ తప్పులు నడిపించిన అంకెలు. దీన్ని ఎలా పట్టుకోవాలి? చివరి అడుగుల్లో fc, fd విలువలను ముద్రించి చూడండి. అవి పూర్తిగా సమానంగా వస్తున్నా, లేక పదహారో అంకెలో మాత్రమే తేడాగా ఊగుతున్నా, మీరు చదును మీద నడుస్తున్నారని అర్థం. మామూలుగా tol ను x విలువలో పది కోట్లకు ఒకటి కన్నా చిన్నదిగా పెట్టడం వృథా.

ప్రమేయం విలువ ప్రయోగంలో కొలిచినదైతే ఈ గోడ ఇంకా ముందే ఎదురవుతుంది. వైశాల్యం కొలతలో 0.1 అటూ ఇటూ తప్పు ఉందనుకోండి. అదే సూత్రంతో δ సుమారు 0.07 సెంటీమీటర్లు. అంటే మన ఉదాహరణలో పది పన్నెండు ప్రశ్నలకు మించి అడగడంలో అర్థం లేదు. పైగా ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. ఒక్క పోలిక తప్పితే పల్లం ఉన్న ముక్కనే కోసేస్తాం, వదిలేసిన ముక్క వైపు ఈ పద్ధతి మళ్ళీ తిరిగి చూడదు. అటువంటి చోట fc, fd ల మధ్య తేడా కొలత తప్పుకు దగ్గరపడగానే ఆపేయడం మంచిది.

చదునైన అడుగు వల్ల ఒక లాభమూ ఉంది. సాఫీగా ఉన్న ప్రమేయం అడుగు దగ్గర పరావలయంలా కనిపిస్తుంది కాబట్టి, మూడు బిందువుల గుండా ఒక పరావలయం గీసి దాని అడుగును చూస్తే సరిపోతుందేమో! మన ఉదాహరణలోని 4.910, 5.361, 5.639 లను తీసుకుని గీస్తే, పరావలయం అడుగు 5.425 దగ్గర వస్తుంది. ఒక్క గెంతులో తప్పు 0.06 నుంచి 0.006 కు పడిపోయింది. అయితే మూలలున్న ప్రమేయాల మీద, వంకరగా ఉన్న పల్లాల మీద ఈ గెంతు ఎక్కడికో పోవచ్చు. అందుకే 1973 లో రిచర్డ్ బ్రెంట్ ఈ రెంటినీ జోడించారు. పరావలయం గెంతు అంతరంలోపల పడి, గెంతులు తగిన వేగంతో చిన్నవవుతుంటే ఆయన పద్ధతి దాన్ని ఒప్పుకుంటుంది. లేకపోతే ఆ అడుగుకు స్వర్ణ విభజనకే తిరిగి వస్తుంది. R భాషలోని `optimize` ఈ మార్గంలోనే నడుస్తుంది. SciPy లోని `minimize_scalar` కు `method='golden'` అని చెబితే మాత్రం మనం చెప్పుకున్న పద్ధతి దొరుకుతుంది.

ఇక మొదట వాయిదా వేసిన ప్రశ్న. పల్లాలు రెండు ఉంటే? 0 నుంచి 1 వరకు ఉన్న అంతరంలో, 0.3 దగ్గర వెడల్పైన, లోతు తక్కువ పల్లం ఒకటి, 0.9 దగ్గర సన్నని లోతైన పల్లం ఒకటి ఉన్నాయనుకోండి. మొదటి రెండు బిందువులు 0.382, 0.618. ఎడమది తక్కువగా వస్తుంది, 0.618 కి కుడివైపు పోతుంది. లోతైన పల్లం వైపు ఒక్క ప్రశ్న కూడా అడగకుండానే అది మాయమైపోయింది. చివరకు 0.3 అని ఎంతో నమ్మకంగా జవాబు వస్తుంది. ఏ హెచ్చరికా రాదు.

దీనికి ఒక అలవాటు చేసుకోండి. అడిగిన ప్రతి x నూ, వచ్చిన ప్రతి విలువనూ ఒక పట్టికలో దాచండి. చివర్లో x వరుసలో పేర్చి చూడండి. మన డబ్బాకు ఆ వరుస 588.23, 558.81, 554.61, 553.65, 554.47, 561.44. తగ్గుతూ వచ్చి పెరిగింది, సవ్యంగా ఉంది. తగ్గి, పెరిగి, మళ్ళీ తగ్గినట్టు కనిపిస్తే ఒకే పల్లం అన్న మాట తప్పు. ఈ పరీక్ష అడిగిన బిందువుల గురించే చెబుతుంది, అడగని చోట దాగిన సన్నని పల్లం దీనికి దొరకదు. అందుకే ప్రమేయం స్వభావం తెలియనప్పుడు, వెతుకులాటకు ముందే అంతరం పొడవునా సమాన దూరాల్లో పది పదిహేను విలువలు అడిగి, అన్నిటికన్నా తక్కువగా ఉన్న బిందువుకు ఇటూ అటూ ఉన్న పొరుగు బిందువులను a, b గా తీసుకోవడం మేలు.

మరో సందర్భం కూడా ఈ పట్టికలోనే తెలుస్తుంది. డబ్బాకు 6 నుంచి 8 వరకు అంతరం ఇచ్చామనుకోండి. ఆ అంతరంలో ప్రమేయం పెరుగుతూనే ఉంటుంది. పద్ధతి ప్రతిసారీ కుడి ముక్కనే కోస్తూ 6 దగ్గరకు చేరుతుంది, 6.0000001 వంటి సంఖ్యను జవాబుగా ఇస్తుంది. a ఒక్కసారి కూడా కదలకపోయినా, b ఒక్కసారి కూడా కదలకపోయినా, అది పల్లం అడుగో, మీరు గీసిన గీతో ఇంకా తేలలేదు. ఆ చివరను బయటికి జరిపి, లోపలి ఒక బిందువు రెండు చివరల కన్నా తక్కువగా ఉందని చూసుకున్న తరువాతే వెతుకులాట మళ్ళీ మొదలుపెట్టండి.